చదివినట్టే ఉంది

ఆఫీసులో నన్ను భూతద్దం అంటారు. ఎదురుగా ఉన్నప్పుడు మేడం, వెనక్కి తిరగ్గానే భూతద్దం. నా చెవులు బాగానే పనిచేస్తాయి కాబట్టి రెండూ వినబడతాయి. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత ఆలోచిస్తే, నన్ను పిలిచే పేర్లలో అబద్ధం లేనిది అదొక్కటే అనిపించింది, ఊరుకున్నాను.

మాది లిఫ్టులు బిగించే కంపెనీ. బిగించడం ఒకసారే, ఆ తర్వాత వాటి బాగోగులు చూడటం జీవితాంతం. మా బ్రాంచి నుంచి రోజూ బోలెడు మెయిళ్ళు వెళుతుంటాయి. ఫలానా తేదీన మీ లిఫ్టు ఆపి తాడు మారుస్తాం, ఫలానా నంబరు లిఫ్టుకి తనిఖీ గడువు అయిపోతోంది, మీరడిగిన కొటేషన్ ఇదిగో. వీటిలో ముఖ్యమైనది ఏదైనా సరే, గడప దాటే ముందు నా బల్ల మీదికి రావాలి. పేర్లు, తేదీలు, అంకెలు, జతచేసిన ఫైళ్ళు నేను చూసి ఊఁ అంటేనే బయటికి వెళ్ళాలి. నా ఉద్యోగం అదే.

దీనికో జాబితా ఉంది. నా కంప్యూటరు పక్కన గోడకి అంటించి ఉంటుంది. నేను చేరినప్పుడు అందులో మూడో నాలుగో వరసలుండేవి. ఇప్పుడు కాగితానికి కాగితం అతికించుకుంటూ వచ్చి కిటికీ దాకా దిగింది. మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఎవరు కొత్త రకం తప్పు చేస్తే ఆ తప్పుని ఆపే రూలుకి వాళ్ళ పేరే పెడతాం. ఇది ఎవరు మొదలుపెట్టారో తెలియదు, నేనే మొదలుపెట్టానని అందరూ అనుకుంటారు.

క్యాషియరమ్మ రూలు అంటే, జతచేసిన ఫైలుని ఫోల్డర్లోంచి కాదు, మెయిల్లోంచే తెరిచి చూడాలి. ఆవిడ ఒక ఆస్పత్రికి లిఫ్టు బిల్లు పంపుతున్నాననుకుని తన పిత్తాశయం స్కాను పంపింది. రెండూ ఒకే రోజు తయారయ్యాయి, రెండూ ఒకే ఫోల్డర్లో పక్కపక్కన ఉన్నాయి. ఆస్పత్రివాళ్ళు మర్యాదస్థులు, రాళ్ళు చిన్నవే, కంగారుపడొద్దని జవాబిచ్చారు. సూపర్‌వైజర్ రూలు అంటే, ఎవరికి పంపాలో ఆ చిరునామా అన్నిటికంటే ఆఖర్న రాయాలి. ఆయన ఒక బిల్డరు మీద కోపంతో సగం రాసి, చల్లారాక మిగతా సగం రాద్దామని టీకి వెళ్ళబోతూ కీబోర్డు మీద మోచెయ్యి ఆనించాడు. ఆ సగమే వెళ్ళింది. చల్లారిన సగం ఎవరూ చదవలేదు.

స్టోర్స్ బాబాయ్ రూలు తేదీల గురించి. బాబాయ్ అంటే మా స్టోరు చూసే పెద్దాయన. అందరికీ బాబాయే, మేనేజరుగారికి కూడా. ఆయన ఒక అపార్టుమెంటుకి తాడు మార్చే తేదీ రాస్తూ, తేదీ ఒకటీ వారం ఇంకొకటీ రాశాడు. తేదీ నమ్మినవాళ్ళు ఒకరోజు మెట్లెక్కారు, వారం నమ్మిన మా మెకానిక్కులు మర్నాడు వచ్చి లిఫ్టు ఆపారు, దాంతో అందరూ రెండోరోజు కూడా మెట్లెక్కారు. అప్పట్నుంచీ మెయిల్లో ఏ తేదీ కనిపించినా తలెత్తి గోడ మీది క్యాలెండరు చూడాలి. ఆ తేదీ ఉందా, ఆ రోజు ఏ వారం, సెలవేమైనా పడిందా అని. బాబాయ్‌కి ఈ రూలంటే కించిత్తు గర్వం. “నేను పోయినా నా రూలుంటుందమ్మాయ్,” అంటుంటాడు.

మేనేజరుగారి రూలు కూడా ఉంది. దాని గురించి ఆయన గర్వపడడు. ఒక హోటలువాళ్ళకి ధరల పట్టిక పంపుతూ, మన లాభం ఎంతో రాసుకున్న కాలమ్‌ని దాచేసి పంపాడు. దాచడమంటే చెరపడం కాదని ఆయనకి ఆ రోజే తెలిసింది. హోటలువాళ్ళు మౌసుతో ఒక్క నొక్కు నొక్కి దాన్ని బయటికి తీసి, మా లాభం మీద మాతోనే బేరమాడారు. అందుకని రూలు ఇది: పట్టికలో దాచిన కాలమ్ ఒక్కటి కూడా ఉండకూడదు, ఉంటే తనిఖీ చేసేవాళ్ళు తెరిచి చూసి తీరాలి.

ఇక అన్నిటికంటే పైనున్న రూలుకి ఎవరి పేరూ లేదు. ఇద్దరు కూర్చోవాలి. ఒకరు అసలు కాగితంలోంచి గట్టిగా చదవాలి, రెండోవారు మెయిల్లో చూస్తూ, రెండూ ఒకటే అయితే “చదివినట్టే ఉంది” అనాలి. బాగుంది అనకూడదు, సరే అనకూడదు. బాగుందో లేదో మనకి తెలియదు, చదివినట్టు ఉందో లేదో మాత్రమే తెలుసు. కంటితో చూసుకుంటూ పోతే మనసు తనకి కావలసిందే చదువుతుంది, నోటితో చదివితే ఆ ఆటలు సాగవు.

ఈ జాబితాలో నా పేరు మీద రూలు లేదు. ఇన్నేళ్ళలో నేను వదిలిన తప్పు లేదు కాబట్టి. ఇది నేను చెప్పుకోకూడదు కానీ, నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పేలా లేరు.

ఈ ఏడు వానలు వెళ్ళేటప్పటికి మా ఆఫీసులోకి సాఫ్ట్‌వేర్ వచ్చింది. మెయిలు రాస్తుంటే తప్పుల కింద ఎర్ర గీత గీస్తుంది, అన్నీ బాగుంటే కింద ఆకుపచ్చ టిక్కు పెడుతుంది. మేనేజరుగారు దాన్ని చూసి ముచ్చటపడిపోయాడు. ఆయనకి చెప్పినమాట వినేవాళ్ళంటే ఇష్టం, అది ఎదురు చెప్పదు. నేనూ వాడి చూశాను. మాటలు తప్పు రాస్తే బాగానే పట్టుకుంటుంది. సోమవారం బదులు మంగళవారం రాస్తే మాత్రం గీత గీయదు, రెండూ మంచి మాటలే కదా. ఆ సంగతే ఆయనకి చెప్పాను. “మీకు అసూయ మేడం,” అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

అక్టోబరు మొదట్లో ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక, మేనేజరుగారు స్వయంగా నా బల్ల దగ్గరికి వచ్చాడు. మామూలుగా ఆయన రాడు, ఇంటర్‌కమ్‌లో పిలుస్తాడు. నిలబడి నా జాబితా వంక చూస్తూ మాట్లాడాడు.

“మేడం, హెడ్డాఫీసుకి ఒక మెయిలు వెళ్ళాలి. ఐదింటిలోపు. కాస్త కాన్ఫిడెన్షియల్.”

“పంపండి సార్, చూస్తాను.”

“డ్రాఫ్టు మీకు పెట్టాను. పట్టికలో పేర్లవీ దాచాను. అవి మీరు చూడక్కర్లేదు. తేదీలు, అంకెలు చూస్తే చాలు.”

“సాఫ్ట్‌వేర్ చూసిందా సార్?”

“చూసింది. టిక్కు పెట్టింది.” వెళ్ళబోయి వెనక్కి తిరిగాడు. “అయినా మీరొకసారి చూడండి. పోయినసారి డైరెక్టరుగారు అందరి ముందూ అన్నమాటలు నాకింకా గుర్తున్నాయి.”

ఆయన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాక డ్రాఫ్టు తెరిచాను. పైన విషయం చదివాను. బ్రాంచి సిబ్బందిలో అనవసరమైన పోస్టుల తొలగింపు, ప్రతిపాదన. కొత్త సాఫ్ట్‌వేర్ రాకతో ఒక పోస్టు అవసరం లేకుండా పోయిందనీ, నవంబరు నెలాఖరుకి ఆ ఉద్యోగిని పంపించవచ్చనీ, వివరాలు జతచేసిన పట్టికలో ఉన్నాయనీ రాశాడు.

పట్టిక తెరిచాను. పైన అక్షరాల్లో ఏ తర్వాత బీ, సీ లేవు, సరాసరి డీ ఉంది. డీలో చేరిన తేదీలు, ఆ పక్కన ప్రతిపాదన. అందరికీ కొనసాగింపు, కొనసాగింపు అని ఉంది. ఒక్క వరసలో మాత్రం అవసరం లేదు అని ఉంది. దాని పక్కనున్న చేరిన తేదీ నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ రోజు కొత్త చీర కట్టుకుని, వానలో తడిసి, ఈ ఆఫీసు మెట్ల మీద నిలబడి కొంగు పిండుకున్నాను.

మనిషిని తీసేసేటప్పుడు ఆ మనిషి చేతే తప్పులు దిద్దించుకోవాలని ఎవరికి తోస్తుంది? మా మేనేజరుగారికి తోచింది. ఏడుపొచ్చింది. క్యాషియరమ్మ చూస్తుందేమోనని మింగేశాను. మా ఆయన ఫోటో స్టూడియో మూతపడి ఏడాదవుతోంది. ఇంట్లో సంపాదన నాదొక్కటే. అది కూడా కాదు నన్ను ముందుగా పొడిచింది. నా గొయ్యి సరిగ్గా కొలత ప్రకారం ఉందో లేదో చూడమని నాకే టేపిచ్చి పోయాడే అని.

తర్వాత కళ్ళు తుడుచుకుని పనిలో పడ్డాను. ఇంకేం చెయ్యను, అలవాటైన ప్రాణం. దాచిన కాలమ్‌లుంటే తెరవాలని ఆయన రూలే చెబుతోంది. తెరిచాను.

బీలో పేర్లు, సీలో పోస్టులు. అవసరం లేదు అన్న వరసలో పోస్టు నాదే, ఉత్తర ప్రత్యుత్తరాల తనిఖీ. తేదీ నాదే. పేరు మాత్రం స్టోర్స్ బాబాయ్‌ది.

ఒక్క నిమిషం నాకు అర్థం కాలేదు. మిగతా వరసలు చూశాను. నా పేరు బ్రాంచి మేనేజరు పోస్టు పక్కన ఉంది, కొనసాగింపు అని. మేనేజరుగారి పేరు క్యాషియరు పక్కన ఉంది. మెకానిక్కుల్లో ఒకడు సూపర్‌వైజరయ్యాడు. అప్పుడు తెలిసింది. ఆయన పేర్లని అక్షర క్రమంలో పెట్టబోయి పేర్ల కాలమ్ ఒక్కదాన్నే ఎంచుకున్నాడు. పక్క కాలమ్‌లను కూడా కలుపుకోమంటారా అని కంప్యూటరు అడుగుతుంది. మేనేజరుగారికి ఎవరేమడిగినా వద్దనడం అలవాటు. పేర్లు కదిలాయి, తేదీలూ పోస్టులూ ఉన్నచోటే ఉన్నాయి. తర్వాత పేర్లూ పోస్టులూ దాచేశాడు కాబట్టి ఆయనకీ కనబడలేదు.

హెడ్డాఫీసులో ఉత్తరువులు తయారుచేసేవాళ్ళు పేరు చూసి టైపు కొడతారు. వాళ్ళకి మా మొహాలు తెలియవు. ఇది ఇలాగే వెళితే ఉత్తరువు బాబాయ్ పేరున వస్తుంది. నేను ఉంటాను.

నేను చెయ్యవలసింది ఏమీ లేదు. పేర్లు చూడక్కర్లేదని ఆయనే అన్నాడు. తేదీలు సరిచూసి, అంకెలు కూడి, ఇదిగోండి సార్ అంటే సరిపోతుంది. తప్పు నాది కాదు, నా పని కూడా కాదు. ఎంత చక్కగా కుదిరిందంటే, నేనే పనిగట్టుకుని చేసినా ఇంత బాగా కుదిరేది కాదు.

అప్పుడే బాబాయ్ వచ్చాడు, స్టోరులో టీ పెట్టుకుంటే నాకో కప్పు తేవడం ఆయనకి అలవాటు.

“ఏమ్మాయ్, మొహం అలా ఉందేం? ఎవరిదైనా పెద్ద తప్పు దొరికిందా?”

“దొరికింది బాబాయ్.”

“కొత్త రూలా?”

“పాతదే. మేనేజరుగారిది.”

“మళ్ళీనా,” అని సంబరపడిపోతూ వెళ్ళాడు. తన పేరు ఆ తెరమీదే, నా మోచేతి పక్కనే ఉందని ఆయనకి తెలియదు. టీ తాగాను. చక్కెర ఎక్కువేశాడు, ఎప్పటిలాగే.

ఎర్ర పెన్ను తీశాను. నన్ను నేను తిట్టుకుంటూనే తీశాను. మెయిలూ పట్టికా ప్రింటు తీసి మొదలుపెట్టాను. మొదటి వరసలోనే పోయిన ఏడు రిటైరైన డైరెక్టరుగారికి నమస్కారాలు చెప్పాడు, పాత మెయిలు మీదే కొత్తది రాసినందుకు. కొత్త డైరెక్టరుగారి పేరుని ఆవిడ స్వయంగా పంపిన మెయిలు కింద ఆవిడ ఎలా రాసుకుందో చూసి అలాగే రాశాను. సిబ్బంది పదకొండుమంది అని పైన ఉంది, పట్టికలో పన్నెండు వరసలున్నాయి, మేనేజరుగారు తనని తాను లెక్కేసుకోలేదు. రెండు ఫైళ్ళు జతచేశానని ఉంది, ఒకటే ఉంది. లేనిది సాఫ్ట్‌వేర్ పనితనం గురించిన రిపోర్టు. తప్పులు వదలని ఆ సాఫ్ట్‌వేర్ గొప్పతనం చెప్పే ఫైలు లేకుండానే మెయిలుకి ఆకుపచ్చ టిక్కు పడింది.

ప్రింటు పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాను.

“అయిపోయిందా మేడం?”

“కాలేదు సార్. దాచిన కాలమ్‌లున్నాయి. తెరిచాను.”

ఆయన కుర్చీలో వెనక్కి జరిగాడు. “చూడొద్దన్నాను కదా.”

“మీ రూలే సార్.”

నేను ఏడుస్తాననో అరుస్తాననో ఎదురుచూశాడు అనుకుంటాను. నేను ప్రింటు ఆయన ముందు పెట్టి బాబాయ్ పేరు దగ్గర పెన్ను ఆనించాను.

“పేర్లు కదిలిపోయాయి. ఇలా వెళితే స్టోర్స్ బాబాయ్ ఇంటికెళ్ళిపోతాడు. మీరు క్యాష్ కౌంటర్లో కూర్చుంటారు.”

ఆయన చూశాడు. మొహంలో రంగు మారింది. “అయ్యో,” అన్నాడు, “మంచిపని చేశారు మేడం. డైరెక్టరుగారి ముందు నా పరువు పోయేది.” తర్వాతగానీ తను ఏమన్నాడో ఆయనకి తట్టలేదు. తట్టాక కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

“మరి... మీరు గమనించే ఉంటారు. ఇది నా సొంత నిర్ణయం కాదు, పైనుంచి...”

“సిబ్బంది రిజిస్టరు తీయండి సార్.”

“ఎందుకు?”

“పట్టిక సరిచేసి తెచ్చాను. మీరు రిజిస్టరు చూసి చదవాలి, నేను పట్టికలో చూడాలి. నాలుగున్నరవుతోంది.”

“అది అవసరమంటారా ఇప్పుడు?”

“పేర్లు, తేదీలు ఉన్న పట్టిక సార్. ఇద్దరు కూర్చోవాలి.”

ఆయన చదివాడు. పేరు, పోస్టు, చేరిన తేదీ, ఆ తర్వాత తన ప్రతిపాదన. మొదట తనది. చదివినట్టే ఉంది, అన్నాను. సూపర్‌వైజరుది, క్యాషియరమ్మది. చదివినట్టే ఉంది. మెకానిక్కులవి ఒక్కొక్కటిగా. బాబాయ్‌ది చదివాడు, స్టోర్స్, కొనసాగింపు. చదివినట్టే ఉంది. ఆ తర్వాత డ్రైవరుది చదివాడు.

“సార్,” అన్నాను, “ఒక వరస వదిలేశారు.”

ఆయన తలెత్తలేదు. రిజిస్టరులో వేలు పైకి జరిగింది. నా పేరు చదివాడు. నా పోస్టు చదివాడు. వానలో తడిసిన ఆ తేదీ చదివాడు. అక్కడ ఆగిపోయాడు.

“ప్రతిపాదన కూడా చదవాలి సార్.”

“అవసరం లేదు,” అన్నాడు. చదవక్కర్లేదంటున్నాడో, ఉన్నది చదువుతున్నాడో మాత్రం అడిగి తెలుసుకోవలసిన పనిలేదు. గొంతు అంత చిన్నదైపోయింది.

“చదివినట్టే ఉంది,” అన్నాను. పక్కన టిక్కు పెట్టాను. టిక్కు వంకర పోలేదు. ఆ ఒక్క విషయానికి నన్ను నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను.

రెండు ఫైళ్ళూ జతచేసి, మెయిల్లోంచే తెరిచి చూసి, ఆఖర్న డైరెక్టరుగారి చిరునామా రాసి ఆయనకిచ్చాను. ఐదింటిలోపే వెళ్ళింది.

ఆ సాయంత్రం ఇంట్లో సంగతి చెబితే మా ఆయన కూర తరుగుతున్నవాడల్లా కత్తి కింద పెట్టాడు.

“నీకేమైనా పిచ్చా? ఊరుకుంటే పోయేది కదా.”

“బాబాయ్ పేరు వెళ్ళేదండీ.”

“వెళితే ఏం, రెండ్రోజుల్లో బయటపడేది. వాళ్ళే దిద్దుకునేవాళ్ళు.”

“ఆ రెండ్రోజులూ బాబాయ్ ఏమైపోతాడు? ఆయన గుండె ముందే అంతంతమాత్రం.”

మా ఆయన మళ్ళీ కత్తి తీసుకున్నాడు. “బాబాయ్ సంగతి సరే. ఆ డైరెక్టరు పేరు, ఆ లెక్క, ఆ ఫైలు, అవన్నీ కూడా ఎందుకు దిద్దావు? అవి వదిలేస్తే కనీసం ఆ మేనేజరుకి గడ్డి పెట్టేవాళ్ళు కదా.”

తప్పు కనబడ్డాక చెయ్యి ఆగలేదని చెబితే నవ్వుతాడు. చెప్పాను, నవ్వాడు కూడా. ఆ తర్వాత అన్నం తినేటప్పుడు నా కంచంలో కూర ఎక్కువ వడ్డించాడు.

హెడ్డాఫీసు నుంచి జవాబు నాలుగురోజుల్లో వచ్చింది. మేనేజరుగారు దాన్ని నాకు చూపించలేదు, ఫైలు చేయడానికి నా దగ్గరికే రావాలి కాబట్టి వచ్చింది. డైరెక్టరుగారు స్వయంగా రాసింది. మీ బ్రాంచి నుంచి ఇంత నిర్దుష్టమైన మెయిలు రావడం సంతోషం, నా పేరు సరిగ్గా రాసిన మొదటి బ్రాంచి మీదే, సాఫ్ట్‌వేర్ పనితనానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు, మీ ప్రతిపాదన ఆమోదించాం, మిగతా బ్రాంచీల్లో కూడా ఇలాగే చేద్దాం.

రెండుసార్లు చదివాను. తప్పులేమీ లేవు. నా పని నన్నెంత శుభ్రంగా ఊడ్చేసిందో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంకో బ్రాంచీలో నాలాంటి భూతద్దం ఎవరైనా ఉంటే, ఆవిడ ఉద్యోగం కూడా నా చేత్తోనే తీశాను. కోపం మేనేజరు మీద కంటే నా ఎర్ర పెన్ను మీద ఎక్కువ వచ్చింది. దాన్ని సొరుగులో పడేసి గట్టిగా మూశాను.

ఆ వారమంతా ముఖ్యమైన మెయిళ్ళు నా దగ్గరికి రాలేదు, సాఫ్ట్‌వేర్ దగ్గరికే వెళ్ళాయి. కొత్త తప్పులేమైనా జరిగాయేమో నాకు తెలియదు. జరిగితే ఫోన్లు వస్తాయి, ఫోన్లు కాస్త ఎక్కువే వచ్చాయి.

తర్వాతి వారం మేనేజరుగారు ఒక కాగితం పట్టుకుని మళ్ళీ నా బల్ల దగ్గరికి వచ్చాడు. ఈసారి జాబితా వంక కూడా చూడలేదు, కిటికీలోంచి చూశాడు.

“మేడం, హెడ్డాఫీసువాళ్ళు మీ ఉత్తరువు డ్రాఫ్టు పంపారు. వివరాలన్నీ సరిగ్గా ఉన్నాయని బ్రాంచి నుంచి ఖాయం చేస్తే సంతకం పెడతారట.”

“సాఫ్ట్‌వేర్ చూసిందా సార్?”

“చూసింది.” కాగితం మడత విప్పాడు. “అయినా...”

“కూర్చోండి సార్. చదవండి.”

సొరుగులోంచి ఎర్ర పెన్ను తీశాను. ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని కాగితం చదవసాగాడు, నేను తెర మీది డ్రాఫ్టు చూశాను, పక్కన రిజిస్టరు తెరిచిపెట్టుకుని. నా పేరు. చదివినట్టే ఉంది. ఇంటిపేరు, ఉద్యోగి నంబరు, పోస్టు, చేరిన తేదీ. చదివినట్టే ఉంది. జతచేసినవి రెండు, సెలవుల లెక్క ఒకటి, అనుభవపత్రం ఒకటి. రెండూ మెయిల్లోంచే తెరిచాను, రెండూ నావే. అనుభవపత్రంలో నన్ను చాలా జాగ్రత్త గల ఉద్యోగి అన్నారు.

“ఉద్యోగంలో ఆఖరి రోజు,” అని చదివాడు మేనేజరుగారు, “నవంబరు ముప్ఫై ఒకటి.”

తలెత్తాను. ఆయన వెనక గోడ మీద క్యాలెండరు. మెయిల్లో ఆయన నవంబరు నెలాఖరు అన్నాడు. ఆ నెలాఖరుని హెడ్డాఫీసులో ఎవరో తమ వేళ్ళకి అలవాటైన అంకెలో కొట్టారు. ముప్ఫై ఒకటి మంచి అంకే, దాని కింద గీత పడదు.

నాలుక చివరిదాకా వచ్చింది. మనిషిని మార్చదు కదా ఉద్యోగం పోవడం. కానీ ఈ తప్పు ఎవరి ఇంటికీ వెళ్ళదు, ఎవరి గుండెనీ ఆపదు. బాబాయ్ పేరు లేదిక్కడ. ఉన్నది నేనొక్కదాన్నే.

అయినా న్యాయంగా ఒక అవకాశం ఇద్దామనుకున్నాను.

“సార్, ఆ తేదీ ఇంకోసారి చదవండి.”

“నవంబరు ముప్ఫై ఒకటి,” అన్నాడు, ఈసారి ఇంకా స్పష్టంగా, నొక్కి మరీ.

తెర మీద చూశాను. నవంబరు ముప్ఫై ఒకటి.

“చదివినట్టే ఉంది,” అన్నాను. టిక్కు పెట్టాను. ఈసారి కాస్త వంకర పోయింది.

ఆయన తేలికపడి లేచాడు. ఖాయం చేస్తూ మెయిలు పంపాడు. సాయంత్రానికల్లా డైరెక్టరుగారి సంతకంతో, ముద్రతో ఉత్తరువు వచ్చేసింది. క్యాషియరమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని బాధపడింది, ఆ బాధ నిజమైనదే.

అందరూ బయల్దేరుతుంటే బాబాయ్ వచ్చాడు. సంగతి అప్పుడే విన్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“నాకొక్కమాట చెప్పలేదేం అమ్మాయ్? ఎప్పటిదాకా ఉంటావు?”

ఉత్తరువు ఆయన చేతికిచ్చాను. చదివాడు. ఆ తర్వాత, తేదీ కనిపిస్తే చెయ్యవలసినది ఈ ఆఫీసులో ఆయనకంటే బాగా ఎవరికీ తెలియదు కాబట్టి, మెల్లగా గోడ దగ్గరికి నడిచాడు. అక్టోబరు కాగితం ఎత్తాడు. నవంబరు మీద వేలు పెట్టి చివరి వరస దాకా వచ్చాడు. ముప్ఫై దగ్గర ఆగి, పక్క గడిలోకి వేలు జరిపాడు. అది ఖాళీగా ఉంది. ఆ కాగితం కూడా ఎత్తి వెనక డిసెంబరు చూసి, మళ్ళీ దించాడు.

“ఇది నువ్వు చూడలేదా?” అన్నాడు.

“చూశాను బాబాయ్.”

“మరి చెప్పలేదా?”

“రెండుసార్లు చదివించాను.”

బాబాయ్ మళ్ళీ ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టాడు. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అని లేవబోయాను, నవ్వుతున్నాడు.

“అంటే నువ్వు వెళ్ళే రోజే లేదన్నమాట. రేపోమాపో పట్టుకుంటారమ్మాయ్,” అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

“పట్టుకోనీ. పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి కదా.”

ఆయన తల ఊపి, నా బల్ల మీదున్న ఎర్ర పెన్ను తీసుకుని, జాబితా అడుగున, కిటికీ పక్కన మిగిలిన కాస్త జాగాలో వంగి ఏదో రాశాడు. వెళ్ళాక చూశాను. భూతద్దం రూలు అని రాసి, దాని ఎదుట ఏమీ రాయకుండా వదిలేశాడు.